చుండ్రు వేరు, జుట్టు రాలడం వేరు: 5,730 రూపాయలు ఖర్చు పెట్టాక అర్థమైన సంగతి

కిందటి ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, చుండ్రు ఉంది, జుట్టు కూడా ఊడిపోతోంది, ఏ నూనె వాడాలి?" ఈ ప్రశ్న మీది మాత్రమే కాదు, పోయిన సంవత్సరం నేను కూడా ఇదే అడిగాను. అడిగిన ప్రతివాళ్లూ ఒక సమాధానం చెప్పారు, అన్నీ కొన్నాను. అందుకే ఈరోజు నా కథతోనే మొదలుపెట్టి, అసలు లోపల ఏం జరుగుతుంది, ఇంట్లో చేసేవాటిలో ఏది పనికొస్తుంది, ఏది డబ్బు దండగ అనేది చూద్దాం. నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి. డాక్టరుగారు నాకు చెప్పినవి, తర్వాత నేను చదివి అర్థం చేసుకున్నవి మీకు చెప్తున్నాను.

నాకు ఆగస్టు చివరి వారంలో డెంగీ వచ్చింది. పది రోజులు మంచం మీదే ఉన్నాను. తగ్గింది, ఆఫీసుకి వెళ్లాను, మర్చిపోయాను. నవంబర్ మధ్యలో ఒకరోజు తలస్నానం చేస్తుంటే చేతి నిండా జుట్టు వచ్చింది. దిండు మీద జుట్టు, కీబోర్డు మీద జుట్టు, అన్నంలో జుట్టు. పైగా చలికాలం కదా, చుండ్రు కూడా మొదలైంది, నల్ల చొక్కా వేసుకోలేని పరిస్థితి. మా నాన్నగారికి ముప్పై ఐదుకే నడినెత్తి కనపడింది. ఇంట్లోనేమో సంబంధాలు చూస్తున్నారు. నా టెన్షన్ మీకు అర్థమయ్యే ఉంటుంది.

వెంటనే కొనుగోళ్లు మొదలు. ఉల్లిపాయ నూనె రెండు సీసాలు 900 రూపాయలు. బయోటిన్ గమ్మీలు మూడు నెలలకి 1,950. జుట్టు రాలకుండా ఆపుతుందని రాసి ఉన్న షాంపూ 380. బోరు నీళ్ల వల్లే అని ఒకరు చెప్తే షవర్‌కి ఫిల్టర్ 1,900. ఒక సీరమ్ 600. మొత్తం 5,730 రూపాయలు. అంతేకాదు, డిసెంబర్ 1న "ఉల్లిపాయ నూనెతో 90 రోజులు" అని మొదటిరోజు వీడియో కూడా షూట్ చేసి పెట్టుకున్నాను. ఆ వీడియో సంగతి చివర్లో చెప్తాను, ఈరోజు ఎపిసోడ్‌లో అసలు విషయం అదే.

మూడు వారాలు రాశాను. జుట్టు అలాగే ఊడుతోంది, చుండ్రు మాత్రం పెరిగింది. చివరికి కూకట్‌పల్లిలో ఒక చర్మ డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఏ నూనె రాస్తున్నావని ముందు అడగలేదు. "రెండు మూడు నెలల క్రితం నీకు ఏమైంది?" అని అడిగారు. నేను డెంగీ అన్నాను. "అయితే ఇవి రెండు వేర్వేరు సమస్యలు బాబూ, నువ్వు కలిపి ఒకటే అనుకుంటున్నావు" అన్నారు.

సాఫ్ట్‌వేర్‌లో మాకిది బాగా తెలుసు. ఒకే రోజు రెండు బగ్‌లు బయటపడితే రెండింటికీ ఒకటే కారణం అనుకుని రోజంతా తప్పు చోట వెతుకుతాం. ఇక్కడా అంతే. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు జుట్టు రాలడం

మన తల మీద సుమారుగా లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్ల దాకా పెరుగుతుంది, నెలకి ఒక సెంటీమీటరు చొప్పున. తర్వాత పెరగడం ఆపేసి, సుమారు మూడు నెలలు కుదురులోనే ఊరికే ఉండి, ఆ తర్వాత రాలిపోతుంది. అదే కుదురులోంచి మళ్లీ కొత్తది వస్తుంది. మామూలుగా పదో వంతు వెంట్రుకలు ఈ విశ్రాంతిలో ఉంటాయి. అందుకే రోజుకి 50 నుంచి 100 రాలడం మామూలే.

ఇప్పుడు ఒంటికి పెద్ద దెబ్బ తగిలిందనుకోండి. డెంగీ, టైఫాయిడ్, కోవిడ్ లాంటి గట్టి జ్వరం, ఆపరేషన్, కాన్పు, లేదా నెలలో ఏడెనిమిది కిలోలు తగ్గేలా తిండి మానేయడం. అప్పుడు శరీరం జుట్టు పెంచే పని పక్కనపెడుతుంది. మామూలుకంటే చాలా ఎక్కువ వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. కానీ ఆరోజే రాలవు. రెండు మూడు నెలల తర్వాత అన్నీ కలిసి రాలతాయి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఈరోజు రాలుతున్న జుట్టుకి కారణం ఈరోజు వాడిన షాంపూలోనో, నిన్నటి నీళ్లలోనో ఉండకపోవచ్చు. మూడు నెలల వెనక్కి వెళ్లి క్యాలెండర్ చూడాలి. నాకు ఆగస్టు చివర జ్వరం, నవంబర్ మధ్యలో రాలడం. లెక్క సరిగ్గా సరిపోయింది.

ఇంకో భయం చాలామందికి ఉంటుంది. రాలిన వెంట్రుక చివర తెల్లగా చిన్న గింజలా కనపడితే "కుదురుతో సహా ఊడిపోయింది, ఇక రాదు" అనుకుంటారు. నేనూ అనుకున్నాను. అది కుదురు కాదండీ. విశ్రాంతి పూర్తయిన వెంట్రుక చివర అలాగే ఉంటుంది. కుదురు చర్మం లోపలే క్షేమంగా ఉంది.

మరి ఇది బట్టతలకి మొదలా కాదా ఎలా తెలుస్తుంది? బట్టతల రకం నెమ్మదిగా, సంవత్సరాల తరబడి వస్తుంది. మగవాళ్లకి నుదుటి రెండు మూలలు, నడినెత్తి పలచబడతాయి. ఆడవాళ్లకి పాపిట వెడల్పవుతుంది. చిత్రం ఏమిటంటే, అందులో కుచ్చులు కుచ్చులుగా ఊడకపోవచ్చు. వెంట్రుకలు సన్నబడుతూ, పొట్టిగా వస్తూ పోతాయి. జ్వరం తర్వాత వచ్చేది దీనికి పూర్తిగా వేరు. ఒక్కసారిగా మొదలవుతుంది, తల అంతటా సమానంగా రాలుతుంది, ఎప్పుడు మొదలైందో నెలతో సహా మీరు చెప్పగలరు.

డాక్టరుగారు ఒక చిన్న పరీక్ష చేశారు. ఒక 50, 60 వెంట్రుకలు వేళ్ల మధ్య పట్టుకుని మొదలు నుంచి చివరిదాకా మెల్లగా లాగారు. ఐదారు కంటే ఎక్కువ వస్తే ఎక్కువ రాలుతున్నట్టు. నాకు తొమ్మిది వచ్చాయి, నడినెత్తి దగ్గరా, వెనకా, పక్కలా అంతటా అదే పరిస్థితి. తలస్నానం చేసిన రోజు ఇది చేస్తే లెక్క తప్పుతుంది, రాలాల్సినవి అప్పటికే రాలిపోయి ఉంటాయి కాబట్టి.

తర్వాత రక్త పరీక్షలు రాశారు: హిమోగ్లోబిన్, ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచిన ఐరన్ నిల్వ, ఇంకా థైరాయిడ్. ఇక్కడ ఆవిడ "బయోటిన్ వాడుతున్నావా?" అని అడిగారు. వాడుతున్నానంటే, రెండు రోజులు ఆపి అప్పుడు రక్తం ఇవ్వమన్నారు. ఎందుకంటే ఎక్కువ మోతాదులో బయోటిన్ ఒంట్లో ఉంటే కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో థైరాయిడ్ రిపోర్ట్ తప్పుగా వస్తుంది. గుండె నొప్పికి చేసే ట్రోపోనిన్ పరీక్ష కూడా తప్పు రావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. చూడండి, జుట్టు ఊడుతోందని బయోటిన్ మింగుతాం, అదే కారణంతో థైరాయిడ్ టెస్టుకి వెళ్తాం, ఆ బయోటిన్ వల్లే రిపోర్ట్ తప్పొచ్చి లేని జబ్బుకి మందు మొదలయ్యే ప్రమాదం ఉంది. పైగా మామూలుగా అన్నం, పప్పు, గుడ్డు, పల్లీలు తినేవాళ్లకి బయోటిన్ లోపం చాలా అరుదు. లోపం లేనివాళ్లకి అదనంగా వేసుకుంటే జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. నా 1,950 అలా పోయాయి.

నా రిపోర్టులు మామూలుగానే వచ్చాయి. "బాగా తిను, ప్రొటీన్ తగ్గనివ్వకు, ఆగు. ఆరు నెలల్లో సర్దుకుంటుంది" అన్నారు. మందు లేదు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం నిరాశగా అనిపించింది, ఫీజు ఇచ్చాక చీటీ మీద ఏదో ఒకటి ఉండాలి కదా అని.

ఇక చుండ్రు

చుండ్రు అంటే మాడు ఎండిపోయిందని, నూనె తక్కువైందని మనందరికీ చిన్నప్పటి నుంచి చెప్పారు. ఎక్కువమందిలో విషయం దానికి ఉల్టా. మన అందరి మాడు మీదా మలసీజియా అనే ఈస్ట్ రకం ఫంగస్ ఉంటుంది. దానికి కావలసిన కొవ్వును అది సొంతంగా తయారు చేసుకోలేదు. మాడు మీద ఊరే జిడ్డే దాని తిండి. ఆ జిడ్డుని విడగొట్టి తనకి కావలసింది తీసుకుని, ఓలియిక్ ఆమ్లం లాంటివి వదిలేస్తుంది. కొందరి చర్మానికి అది పడదు. మంట, దురద వస్తాయి, చర్మం త్వరత్వరగా పొట్టు విడుస్తుంది. ఆ పొట్టే చుండ్రు. అందరి తల మీదా ఈ ఫంగస్ ఉన్నా అందరికీ చుండ్రు రాకపోవడానికి కారణం చర్మం తీరులో తేడా. అంటుకునే రోగం కాదు, మురికిగా ఉన్నారని వచ్చేదీ కాదు.

ఒక్క విషయం వింటే మీకు మొత్తం అర్థమైపోతుంది. ల్యాబ్‌లో ఈ ఫంగస్‌ని పెంచాలంటే గిన్నెలో ఏం వేస్తారో తెలుసా? ఆలివ్ నూనె. మనం ఏం చేస్తున్నాం? చుండ్రు వచ్చింది కదా అని రాత్రంతా నూనె పట్టించి పడుకుంటున్నాం. అంటే దానికి భోజనం పెట్టి, దుప్పటి కప్పుతున్నాం అన్నమాట.

"మరి నూనె రాస్తే నాకు తగ్గింది కదా" అంటారు. తగ్గలేదండీ, కనపడలేదు. నూనె తడికి పొట్టు మాడుకి అతుక్కుని రాలదు, ఒకరోజు బాగున్నట్టు ఉంటుంది. రెండోరోజు దురద ఇంకా ఎక్కువవుతుంది. నా ఉల్లిపాయ నూనె చేసిన పని ఇదే.

నిజంగా పొడి చర్మం ఉన్నవాళ్లూ ఉంటారు. తేడా ఇలా చూసుకోండి. పొట్టు సన్నగా, పొడిపొడిగా ఉండి, చేతులూ కాళ్లూ కూడా పగిలి ఉంటే అది పొడి చర్మం. పొట్టు కొంచెం పసుపుగా, జిడ్డుగా ఉండి, కనుబొమ్మల్లో, ముక్కు పక్కన, చెవుల వెనక కూడా ఉంటే అది చుండ్రే.

దీనికి డాక్టరుగారు రాసింది కీటోకొనజోల్ 2 శాతం షాంపూ, 100 మిల్లీలీటర్లు. ఎలా వాడాలో ఆవిడ చెప్పినట్టే చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ముందు మామూలు షాంపూతో జిడ్డు, దుమ్ము కడిగేయాలి. తర్వాత పది మిల్లీలీటర్లు, అంటే రెండు టీస్పూన్లు తీసుకుని జుట్టుకి కాదు, మాడుకి పట్టించాలి. గోళ్లతో గీరకుండా వేళ్ల కొసలతో రుద్దాలి. తర్వాత ఐదు నిమిషాలు అలాగే ఉంచాలి. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి, ఎందుకంటే సబ్బు నురగతో నిలబడితే ఒక్క నిమిషం కూడా ఐదు నిమిషాల్లా అనిపిస్తుంది. ఇది మందు, చర్మం మీద ఉన్నంతసేపే పని చేస్తుంది. రాసి వెంటనే కడిగేస్తే డబ్బులు మోరీలోకి పోయినట్టే. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. లెక్క వేస్తే 80 మిల్లీలీటర్లు, ఒక సీసా సరిపోతుంది. మిగిలిన 20 తర్వాత వారం పది రోజులకోసారి వాడుకోవచ్చు.

ఆ తర్వాత వాడకం ఎందుకంటే, ఆ ఫంగస్ మన తల మీద శాశ్వత నివాసి. తగ్గించగలం కానీ పూర్తిగా పంపించలేం. "చుండ్రుని శాశ్వతంగా పోగొడతాం" అని ఎవరైనా రాస్తే ఆ సీసా అక్కడే పెట్టేయండి. జింక్ పైరిథియోన్, సెలీనియం సల్ఫైడ్ ఉన్న షాంపూలు కూడా పని చేస్తాయి, కొనేముందు వెనకవైపు ఆ పేరు ఉందో లేదో చూడండి. ముందువైపు వేపాకు బొమ్మ ఉందని కొనకండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లల విషయంలో డాక్టర్‌ని అడిగే వాడండి.

నాకు రెండో వారానికి దురద పోయింది, నాలుగో వారానికి పొట్టు పోయింది. చుండ్రు వల్ల బట్టతల రాదు. కానీ దురదకి గీరుతూ ఉంటే, మాడు వాచి ఉంటే, కొంచెం ఎక్కువ రాలే అవకాశం ఉంటుంది. అందుకే చుండ్రుకి దాని మందు వాడాలి, రాలడానికి దాని కారణం వెతకాలి.

మరి ఇంట్లో చేసేవాటి సంగతి?

మా అమ్మ కుంకుడుకాయ వదలదు. మంచిదే. కుంకుడు, శీకాయ జిడ్డుని కడుగుతాయి, జిడ్డు తగ్గితే తేలికపాటి చుండ్రు కొంత అదుపులో ఉంటుంది. కంట్లో పడకుండా చూసుకోండి చాలు. అయితే చుండ్రు ముదిరితే అది మందు షాంపూకి బదులు కాదు.

కొబ్బరినూనె కూడా పూర్తిగా దండగ కాదు. అది వెంట్రుక లోపలికి వెళ్లగలదు. తలస్నానానికి ముందు రాస్తే వెంట్రుకలోని ప్రొటీన్ తక్కువగా పోతుంది, చివర్లు చిట్లడం తగ్గుతుంది. అంటే జుట్టు పొడవుకి ఉపయోగం, కుదురుకి కాదు. చుండ్రు ఉన్నవాళ్లు మాడు వదిలేసి చివర్లకి రాసి, గంట తర్వాత కడిగేసుకోండి. రాత్రంతా అక్కర్లేదు.

ఉల్లిపాయ రసం మీద 2002లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. అది పేనుకొరుకుడు మీద, అంటే రూపాయి బిళ్లలా గుండ్రంగా జుట్టు పోయే జబ్బు మీద చేసింది. జ్వరం తర్వాత రాలేదానికి, బట్టతలకి దాంతో సంబంధం లేదు. నిమ్మకాయ రుద్దితే వాచిన చర్మం ఇంకా మండుతుంది. పెరుగు, మెంతులు వెంట్రుకని మెత్తగా చేస్తాయి, అంతవరకే. ఉప్పు నీళ్ల వల్ల జుట్టు గరుకవుతుంది, చిక్కుపడి మధ్యలో తెగుతుంది. తెగిన ముక్క చివర తెల్ల గింజ ఉండదు, అలా గుర్తుపట్టొచ్చు. నా జుట్టు గింజతో రాలుతోంది, కాబట్టి 1,900 ఫిల్టర్ దానికి ఏమీ చేయలేదు.

ఆ వీడియో సంగతి

జుట్టు కవర్లో వేసి లెక్కపెట్టాను, నవ్వకండి. మూడు రోజులకోసారి తలస్నానం చేసి, ఆ మూడు రోజులవీ కలిపి లెక్కపెట్టేవాణ్ణి. నవంబర్ చివర 540, అంటే రోజుకి 180. జనవరి చివర 330, రోజుకి 110. మార్చిలో 210, రోజుకి 70. ఏ మందూ లేకుండానే. నుదుటి దగ్గర చిన్నచిన్న కొత్త వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనపడ్డాయి.

ఇప్పుడు ఆలోచించండి. నేను డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా డిసెంబర్ 1 నుంచి 90 రోజులు ఉల్లిపాయ నూనె రాసి ఉంటే, ఫిబ్రవరి చివరికి ఏమయ్యేది? జుట్టు రాలడం తగ్గేది. కెమెరా ముందు కూర్చుని "చూడండి ఫ్రెండ్స్, ఇదే రిజల్ట్" అని లెక్కతో సహా చూపించేవాణ్ణి. అబద్ధం ఒక్క ముక్క కూడా ఉండేది కాదు, కానీ మొత్తం తప్పు. మా అమ్మ తిరుమలలో గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందంది. డిసెంబర్లో చేయించుకుని ఉంటే ఆ పేరు గుండుకి వచ్చేది. మొక్కు మొక్కే, అది వేరే విషయం. కానీ గొరిగితే కుదుళ్ల సంఖ్య పెరగదు, మొద్దుగా తెగిన చివర్ల వల్ల ఒత్తుగా అనిపిస్తుంది అంతే.

మనిషి ఎప్పుడు కొంటాడు? బాగా ఊడుతున్నప్పుడు. ఆ తర్వాత ఎలాగూ తగ్గే దశే వస్తుంది. అందుకే అప్పుడు చేతిలో ఏ సీసా ఉంటే దానికి మంచి పేరు వస్తుంది. రివ్యూలు రాసేవాళ్లందరూ మోసగాళ్లు కారు, చాలామంది నాలాంటివాళ్లే. ఆ మొదటిరోజు వీడియో నేను అప్‌లోడ్ చేయలేదు.

ఒక జాగ్రత్త. అన్నీ వాటంతట అవే తగ్గవు. ఆరు నెలలు దాటినా రాలుతుంటే, పాపిట వెడల్పవుతుంటే, గుండ్రంగా మచ్చలా పోతే, మాడు మీద నొప్పి, చీము, నున్నగా మెరిసే చోటు ఉంటే, పిల్లల తలలో పొట్టుతో పాటు జుట్టు తెగిపోతుంటే, నెలసరి ఎక్కువగా అవుతూ నీరసం ఉంటే చర్మ డాక్టర్‌కి చూపించండి. బట్టతల రకానికి మినాక్సిడిల్ లాంటి మందులున్నాయి, త్వరగా మొదలుపెడితేనే ఉపయోగం, ఆపితే మళ్లీ రాలుతుంది, కాబట్టి డాక్టర్ చెప్తేనే వాడాలి. నాలుగు వారాలు సరిగ్గా వాడినా చుండ్రు తగ్గకపోతే అది సోరియాసిస్ కావచ్చు. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీమ్ మాత్రం రాయకండి.

ఈసారి జుట్టు ఊడుతోందని ఏదైనా కొనేముందు, మూడు నెలల వెనక్కి వెళ్లి మీకేమైందో గుర్తు చేసుకుని, కామెంట్‌లో రాయండి. రాసినవన్నీ నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండీ.